చలికొండ మీద కట్టెల పొయ్యి: గొట్టం లాగాలన్నా, తారు పట్టకుండా ఉండాలన్నా ఏం చేయాలి

పోయిన కనుమ రోజు చింతపల్లి దగ్గర మా చెల్లెలి ఇంట్లో పొగగొట్టం బెండు విప్పి చూశాం. లోపల గోడల చుట్టూ చిటికెన వేలి మందాన నల్లగా, నిగనిగలాడుతూ ఏదో పట్టేసి ఉంది. బెల్లం పాకం అడుగంటి మాడిపోతే కళాయికి ఎలా అంటుకుంటుందో అచ్చం అలాగే ఉంది. గోరుతో గీకితే రాలేదు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గాజు పెంకులా చిట్లింది. అది మసి కాదు, క్రియోసోట్. కట్టెల పొగలోని తారు గొట్టంలోనే చల్లబడి గడ్డకట్టిందన్నమాట. దానికి నిప్పంటుకుంటే గొట్టం లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటొచ్చు, ఆ గొట్టమేమో చూరు వాసాల పక్కనుంచే పోతోంది. నవంబర్ నెలాఖరు నుంచి సంక్రాంతి దాకా, ఏడు వారాలు పొయ్యి వాడినందుకే అంత పట్టింది.

మా చెల్లీ బావా ఇద్దరూ అక్కడ ఉద్యోగాలు చేస్తూ అద్దె ఇంట్లో ఉంటున్నారు. డిసెంబర్, జనవరి నెలల్లో లంబసింగి, చింతపల్లి వైపు తెల్లవారుజామున చలి అయిదు డిగ్రీలకి, ఒక్కోసారి ఇంకా కిందకి కూడా పడిపోతుంది. పిల్లలు వణికిపోతున్నారని ఇంటాయన్ని అడిగి ఒక ఇనప పొయ్యి పెట్టించుకున్నారు. పొయ్యి చేసింది మన అమలాపురం వైపు ఒక వెల్డింగ్ షాపులో, కట్టె కూడా ఇక్కడి నుంచే, వ్యాన్‌లో తుని, నర్సీపట్నం మీదుగా పంపించాం. తప్పు ఎక్కడ జరిగిందో, దాన్ని ఎలా సరిచేశామో వరసగా చెబుతాను. మీ వాళ్లెవరైనా కొండల్లో ఉండి, ఇలాంటి పొయ్యి పెట్టుకుని ఉంటే ఇప్పుడే చూసుకోండి.

ముందు గొట్టం ఎందుకు లాగుతుందో తెలియాలి

మా వీధిలో ఒక బాబాయ్ ఉన్నాడు, ముప్ఫై ఏళ్లు రైసు మిల్లులో ఊక బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట, "గొట్టం బయట ఎంత దూరం పోతోందిరా?" నేను చెప్పాను, గోడలోంచి బయటికొచ్చి, అక్కడ బెండు తిరిగి, గోడ పక్కనే పైకి వెళ్తుంది, లోపల నాలుగడుగులు, బయట పదకొండు అడుగులు అని. "అదే మరి. గొట్టం వేడిగా ఉంటేనే లాగుతుంది. చలిలో నిలబెట్టిన ఒంటి రేకు గొట్టానికి వేడెక్కడ నిలుస్తుంది?" అన్నాడు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గొట్టం లోపలి వేడి గాలి తేలిక, బయటి చల్లగాలి బరువు. ఆ బరువు తేడానే పొగని పైకి నెడుతుంది, పొయ్యిలోకి కొత్త గాలిని లాగుతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపల ఎంత వేడుంటే అంత లాగుడు. ఆ ఇంటి లెక్కే వేసి చూశాను: మొత్తం పదిహేను అడుగుల ఎత్తు, బయట 5 డిగ్రీలు. గొట్టం లోపల సగటున 150 డిగ్రీలుంటే లాగుడు, ఒత్తిడి లెక్కలో, సుమారు 17 పాస్కల్ వస్తుంది. అదే గొట్టం చల్లబడి సగటు 80కి పడిపోతే 10, 11 దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి మూసిన పొయ్యికి కనీసం 12 ఉండాలి. అంటే కింద పొయ్యి అదే, కట్టె అదే, గొట్టం చల్లబడటం ఒక్కదానివల్లే అది లాగే పొయ్యి కాస్తా పొగ కక్కే పొయ్యి అయిపోతుంది.

తారు పట్టేది కూడా దీనివల్లే. పొగలో సగం కాలిన నూనె ఆవిర్లు ఉంటాయి, నీటి ఆవిరి ఉంటుంది. గొట్టం లోపలి గోడ సుమారు 120 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆ నూనె ఆవిర్లు అక్కడే అంటుకుపోతాయి, చలికాలంలో కిటికీ అద్దానికి చెమ్మ పట్టినట్టు. అలా పట్టిన పొర దారిని ఇరుకు చేస్తుంది, దారి ఇరుకైతే పొగ నెమ్మదిగా పోతుంది, నెమ్మదిగా పోయే పొగ ఇంకా చల్లబడుతుంది, ఇంకా పడుతుంది. అందుకే మొదటి మూడు వారాలు ఏమీ తెలియదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఇంట్లోకి పొగ రావడం మొదలవుతుంది.

అమలాపురంలో పెరట్లో పెట్టి చూసినప్పుడు ఆ పొయ్యి చక్కగా మండింది, అందుకే మాకు అనుమానం రాలేదు. అక్కడ ఎండిన కట్టె వేశాం, తలుపు బార్లా తీసి మండించాం, గొట్టం తిన్నగా పైకి ఉంది. కొండ మీద ఈ మూడూ లేవు.

గొట్టం సరిచేయడం

కుదిరితే గొట్టాన్ని ఇంటి లోపలి నుంచే తిన్నగా కప్పులోంచి పైకి తీయండి. లోపల ఉన్నంత మేరా అది వేడిగానే ఉంటుంది, పైగా ఆ వేడి గదికే వస్తుంది. మా బావ వాళ్ల ఇంటాయన కప్పు రేకు కోయడానికి ఒప్పుకోలేదు కాబట్టి మేం బయటి గొట్టానికి కోటు తొడిగాం: ఆరంగుళాల గొట్టం చుట్టూ రెండంగుళాల మందం, వేడి పోకుండా ఆపే రాక్‌వూల్, దానిపైన పదంగుళాల జీఐ రేకు గొట్టం. పొయ్యికి దగ్గరగా, వేడి తగిలే చోట మాత్రం జీఐ వాడకండి, బాగా వేడెక్కితే ఆ జింక్ పూత ఊడిపోతుంది, దాని పొగ పీల్చడం మంచిది కాదు. లోపలి గొట్టానికి మామూలు ఇనుమో, స్టెయిన్‌లెస్ స్టీలో ఉండాలి.

రెండోది బెండ్లు. మా దాంట్లో తొంభై డిగ్రీల బెండ్లు మూడున్నాయి. ఒకటి తీసేశాం, మిగతా రెండింటినీ నలభై అయిదు డిగ్రీల బెండ్లుగా మార్చాం. ఎక్కువగా తారు పట్టేది బెండులోనే, బ్రష్ తిరగనిది కూడా అక్కడే.

మూడోది, చాలామంది తిరగేసి పెట్టేది: గొట్టం ముక్కల అతుకు. మన రేకు పనివాళ్లకి వాన గొట్టాలు అలవాటు, నీళ్లు లోపలికి పోకుండా పై ముక్కని కింది ముక్క మీద తొడుగుతారు. పొగగొట్టానికి అది తప్పు. పై ముక్క కొన కింది ముక్క లోపలికి దిగాలి, అప్పుడు లోపల కారే తారు మళ్లీ పొయ్యిలోకే జారి కాలిపోతుంది. తిరగేసి పెడితే ప్రతి అతుకు దగ్గరా బయటికి కారుతుంది. మా చెల్లి ఇంటి తెల్లగోడ మీద కాటుక కన్నీళ్లలాగా నల్లటి చారలు దిగి ఉన్నాయి, వాన నీళ్ల మరకలనుకుని ఆవిడ రెండుసార్లు సున్నం కూడా వేయించింది. మీ గోడ మీద అలాంటి చారలు కనిపిస్తే అతుకులు తిరగబడ్డాయనీ, లోపల తారు కారుతోందనీ రెండూ ఒకేసారి తెలిసినట్టే. బయటి కోటుకి మాత్రం వాన గొట్టం పద్ధతే, పైది కింది దాని మీదకి రావాలి.

ఎత్తు సంగతి: గొట్టం కప్పుని దాటిన చోటు నుంచి కనీసం మూడడుగులు పైకి ఉండాలి, అలాగే పదడుగుల దూరం లోపు కప్పులో ఏ భాగమున్నా దానికంటే రెండడుగులు ఎత్తుండాలి. లేదంటే కొండగాలి కొప్పు మీంచి దొర్లి గొట్టంలోకి కొడుతుంది. ఒంటి రేకు గొట్టానికి చెక్క వాసం గానీ, పలక గానీ పద్దెనిమిది అంగుళాల లోపు ఉండకూడదు. కోటు ఇలా సొంతంగా తొడిగిన గొట్టమైనా ఆ దూరం తగ్గించకండి.

కట్టె: అసలు తప్పు మాది ఇక్కడే

సరుగుడు కట్టె మంచిదని, నిప్పు నిలుస్తుందని, అంతర్వేది వైపు తోట కొట్టిన వెంటనే అక్టోబర్‌లో లోడు కొని పంపాం. దుంగలుగా, బెరడుతో సహా. సరుగుడు మంచి కట్టే, అందులో మాటే లేదు, కానీ అంత గట్టి కట్టె తొందరగా ఆరదు, అందులోనూ మన వైపు అక్టోబర్ అంటే వానలు, వాయుగుండాలు. పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. పది కిలోలు వేస్తే నాలుగైదు లీటర్ల నీళ్లని ఆ పొయ్యి మరిగించి గొట్టంలోంచి పంపాలి. మంట చల్లబడుతుంది, పొగ సగమే కాలుతుంది, ఆవిరి వెళ్లి గొట్టానికి పడుతుంది.

కొండ మీద వాడే కట్టెని సంక్రాంతి వెళ్లగానే కొనండి. కొన్న వారంలోపే గొడ్డలితో చీల్చి పేళ్లు చేయించండి, చెయ్యి మందం కంటే లావు వద్దు. దుంగగా ఉంటే బెరడు లోపల నీరు ఏడాదైనా పోదు. ఇటుకల మీద అడ్డకర్రలు వేసి, నేల చెమ్మ తగలకుండా, గాలి ఆడేలా పేర్చండి, పైన మాత్రమే టార్పాలిన్ వేయండి, పక్కలు కప్పేస్తే బూజు పడుతుంది. మన ఏప్రిల్, మే ఎండలు ఈ పనికి దేవుడిచ్చిన వరం. తొలకరికి ముందే షెడ్డులోకి చేర్చుకోవాలి.

ఆరిందో లేదో తేమ మీటర్‌తో చూడొచ్చు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పేడుని అప్పటికప్పుడు మళ్లీ చీల్చి, ఆ కొత్త ముఖం మీద గుచ్చాలి, పైపైన గుచ్చితే తక్కువ చూపించి మోసం చేస్తుంది. అంకె 20 లోపు ఉండాలి. మీటర్ లేకపోతే కూరగాయల కాటా చాలు. ఒక పేడుకి ముగ్గుపిండితోనో, సుద్దముక్కతోనో గుర్తు పెట్టి, పదిహేను రోజులకోసారి తూచి రాసుకోండి. పచ్చిగా ఉన్నప్పుడు 2.4 కిలోలు తూగిన పేడు ఒకటిన్నర దగ్గరికొచ్చి, ఇక నెల రోజులైనా తగ్గకుండా నిలిచిపోతే అది ఆరినట్టు. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొడితే టంగుమనాలి, దబ్బుమంటే ఇంకా పచ్చి.

మనకి చౌకగా దొరికేవి రెండు ఉన్నాయి కదా, డొక్కలు, చిప్పలు. కొబ్బరి డొక్క వద్దు, అది మండదు, రాజుకుంటూ పొగ తెగ కక్కుతుంది. చిప్పలు రెండు మూడు వేస్తే అంటించడానికి బాగుంటాయి, బుట్టెడు వేస్తే మరీ భగ్గుమని గొట్టాన్ని ఎర్రగా కాల్చేస్తాయి. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలు అస్సలు వేయకండి, ఉప్పు గొట్టాన్ని తినేస్తుంది.

రోజూ కాల్చే తీరు

అంటించే ముందు ఒక అగరొత్తి వెలిగించి పొయ్యి తలుపు దగ్గర పెట్టండి. పొగ లోపలికి పోతే సరే. బయటికి, మీ ముఖం మీదకి వస్తుంటే గొట్టంలో చల్లగాలి బిరడా వేసుకు కూర్చుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆపండి, ఒక కిటికీ రెండంగుళాలు తీయండి, న్యూస్‌పేపర్ ఒకటి మెలిపెట్టి వెలిగించి గొట్టం మొదట్లో పట్టుకోండి, నిమిషంలో దారి తిరుగుతుంది. ఆ తర్వాతే కట్టెలు అంటించాలి. పెద్ద పేళ్లు కింద, సన్నవి పైన పెట్టి, పై నుంచి అంటిస్తే గొట్టం ముందే వేడెక్కుతుంది, పొగ తక్కువ.

గొట్టం మీద, పొయ్యికి పద్దెనిమిది అంగుళాల పైన, అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ ఒకటి పెట్టండి. ఒంటి రేకు గొట్టం మీద అది 115 నుంచి 240 డిగ్రీల మధ్య ఉండాలి. కిందికి పోతే తారు పడుతోంది, పైకి పోతే గాలి తగ్గించాలి. మా పొయ్యి విషయంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఇక రాత్రి. మా చెల్లి పడుకునేముందు పొయ్యి నిండా కట్టె కూరి, గాలి మూత పూర్తిగా బిగించేది, తెల్లారేదాకా నిప్పు ఉండాలని. ఫోన్‌లో నాతో "పొద్దున్నే లేచేసరికి ఇంకా వెచ్చగానే ఉంటోంది అన్నయ్యా" అని సంతోషంగా చెప్పేది కూడా. గాలి అందని పచ్చికట్టె రాత్రంతా ఎనిమిది గంటలు మండకుండా ఉడుకుతుంటే ఆ పొగంతా బయటి చల్లటి గొట్టానికే పట్టింది. ఆ ఇంట్లో పట్టిన తారులో ఎక్కువ భాగం రాత్రుళ్లదే అని నా నమ్మకం. పడుకునే ముందు గంట సేపు బాగా మండించండి, బొగ్గులు పడ్డాక అప్పుడు గాలి తగ్గించండి, కొత్త కట్టె పెట్టకండి. పిల్లలకి ఇంకో రగ్గు కప్పండి. పొద్దున్న మళ్లీ అంటించినప్పుడు గాలి మూత పూర్తిగా తీసి పావుగంట, ఇరవై నిమిషాలు ధాటీగా మండించాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పడగ్గదిలో తప్పకుండా పెట్టండి. గొట్టం మూసుకుపోతున్న ఇంట్లో ఆ వాయువు వాసన లేకుండా వస్తుంది. పొద్దున్నే ఇంట్లో అందరికీ తలనొప్పి, వికారం ఉండి, బయటికెళ్తే తగ్గిపోతుంటే అది చలి జ్వరం కాదు, వెంటనే కిటికీలు తీసి అందర్నీ బయటికి తీసుకెళ్లి, పొయ్యి ఆపేయండి. పొయ్యి పొగ పెడుతోంది కదా అని తలుపులు వేసి కుంపటి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, దానికి గొట్టమే లేదు.

శుభ్రం చేయడం

పొయ్యి ఆరి ఒక రోజు పూర్తిగా గడిచాక మొదలుపెట్టండి. గొట్టం లోపలి కొలతకి సరిగ్గా సరిపోయే బ్రష్ కావాలి, ఆరంగుళాల గొట్టానికి ఆరంగుళాల బ్రష్. స్టెయిన్‌లెస్ గొట్టానికి గట్టి ప్లాస్టిక్ కుచ్చు బ్రష్, మామూలు ఇనప గొట్టానికి తీగ బ్రష్. దానికి మరలతో కలిసే వంగే కడ్డీలు. పాత గోనెసంచి తాడుకి కట్టి లాగితే పొడి మసి వస్తుంది గానీ తారు రాదు.

పొయ్యి ముందు పాత దుప్పటి పరిచి, ఫ్యాన్లు ఆపి, తలుపు సందులకి టేపు వేయండి. మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. మొదట పైన టోపీ చూడాలి, దాని జాలీ అన్నిటికంటే ముందు మూసుకుపోతుంది. మా చెల్లి ఇంట్లో సగం పొగ ఇబ్బంది ఆ జాలీ వల్లే వచ్చింది. జాలీ కళ్లు మరీ సన్నగా, దోమల జాలీలా ఉంటే తీసేసి అరంగుళం కళ్లది పెట్టండి. మంచు పట్టిన రేకు కప్పు మీదకి ఎవర్నీ ఎక్కించొద్దు, ఎండ వచ్చాక నిచ్చెన వేసి, తాడు కట్టుకుని ఎక్కాలి. పైకెక్కడం కుదరకపోతే కింద బెండు విప్పి కింది నుంచే బ్రష్ పంపొచ్చు. కడ్డీని ఎప్పుడూ మర బిగిసే వైపే తిప్పాలి, వెనక్కి తిప్పితే బ్రష్ ఊడి మధ్యలో ఉండిపోతుంది. ఒక్కో అడుగూ పైకీ కిందకీ నాలుగైదుసార్లు తోముతూ కొసదాకా వెళ్లి, రాలింది మూత ఉన్న ఇనప బకెట్‌లోకి ఎత్తండి. తర్వాత టార్చ్ పెట్టి ఫోన్ కెమెరాతో లోపల వీడియో తీయండి.

ఆ వీడియోలో ఏం కనిపిస్తుందో దాన్నిబట్టి నిర్ణయం. బూడిదరంగు, మెత్తటి పొడి ఉంటే మీరు బాగా కాలుస్తున్నారు. నల్లటి పెళుసు పెంకులుంటే గొట్టం చల్లగా ఉంటోంది, గట్టి బ్రష్‌తో వస్తాయి, కాల్చే తీరు మార్చుకోవాలి. మా దాంట్లోలాగా నిగనిగలాడే తారు గడ్డ ఉంటే బ్రష్ దాని మీద జారిపోతుంది. దాన్ని పెళుసు చేసే పొడులు దొరుకుతాయి, కానీ అవి పనిచేయడానికి కొన్నాళ్లు వేడి మంటలు వేయాలి, అంత మందం తారున్న గొట్టంలో వేడి మంట వేయడం నాకు ధైర్యం చాలలేదు. పదిహేను అడుగుల రేకు గొట్టం ఖరీదెంత, ఆ గొట్టమే తీసేసి కొత్తది వేశాం. ఇటుక గొట్టమైతే మార్చలేరు, తెలిసిన మనిషిని పిలవాలి.

ఎప్పుడైనా గొట్టంలోంచి లారీ వస్తున్నట్టు హోరు వినిపించినా, గొట్టం అదిరినా, ఎర్రబడినా లోపల తారు అంటుకున్నట్టే. పొయ్యి తలుపు, గాలి మూత గట్టిగా మూసి, అందరూ బయటికొచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. గొట్టంలో నీళ్లు పోయకండి, ఆవిరి పేలి గొట్టం చీలుతుంది. ఆ తర్వాత గొట్టం మొత్తం విప్పి చూసే దాకా మళ్లీ అంటించకూడదు.

ఎప్పుడెప్పుడు

ఏజెన్సీలో చలికాలం చిన్నదే, కాబట్టి పండగల్ని గుర్తు పెట్టుకుంటే చాలు. దసరాకి టోపీ తీసి చూడండి, వానాకాలమంతా ఖాళీగా ఉన్న గొట్టంలో పిట్టగూడో, కందిరీగల తుట్టో ఉంటుంది. పొయ్యి వాడటం మొదలుపెట్టిన మూడు వారాలకి బెండు విప్పి కొలవండి, మొదటి ఏడాది ఇది మానకండి. మూడు మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం పడితే ఆ రోజే తోమాలి. నిగనిగలాడుతుంటే మందంతో పనిలేదు, పొయ్యి ఆపాలి. ఏమీ లేకపోతే సంక్రాంతికి ఒకసారి తోమండి, సెలవులూ కలిసొస్తాయి, ఇంట్లో మనుషులూ ఉంటారు. మధ్యలో ఎప్పుడైనా తలుపు తీస్తే పొగ ఇంట్లోకి వస్తున్నా, మంట ముందులా లేవకపోయినా తేదీ కోసం ఆగొద్దు.

ఈ ఏడాది కొత్త గొట్టం, ఆరిన కట్టె, థర్మామీటర్‌తో మొదలుపెట్టారు. మూడు వారాలకి బావ పంపిన ఫొటోలో గోరు గీత పడేంత పొడి మసే ఉంది, తోమితే మొత్తం కలిపి గుప్పెడు రాలింది.

శివరాత్రి వెళ్లాక, ఇక పొయ్యి అంటించనప్పుడు, ఆఖరిసారి తోమి బూడిద ఎత్తేయండి. బూడిదలో నిప్పు రెండు మూడు రోజులైనా ఉంటుంది, మూత బకెట్‌లో బయట ఉంచాకే పారబోయాలి. తారుతో ఉన్న గొట్టానికి వానాకాలం చెమ్మ తగిలితే లోపల నుంచి తుప్పు పడుతుంది, ఇల్లంతా కాలిన వాసన వేస్తుంది, అందుకే ఈ ఆఖరి తోముడు వాయిదా వేయకండి. తర్వాత గొట్టం పైన డబ్బా మూత ఒకటి బోర్లించి తీగతో కట్టి, "పైన మూత ఉంది" అని అట్టముక్క మీద రాసి పొయ్యి తలుపుకి వేలాడదీయండి. దసరాకి వచ్చేసరికి ఆ మూత సంగతి ఎవరికీ గుర్తుండదు.